ప్రాప్ ట్రేడింగ్ కంపెనీలో ట్రేడర్ ఉద్యోగం: రోజువారీ పని, జీతం, నైపుణ్యాల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రాప్ ట్రేడర్లలో చాలా రకాలున్నాయి. ఇక్కడి జవాబులన్నీ ఒక్క రకం గురించే. ముంబైలోనో గురుగ్రామ్‌లోనో ఉన్న కంపెనీలో కూర్చుని, ఎన్‌ఎస్‌ఈలో నిఫ్టీ ఆప్షన్లకు మార్కెట్ మేకింగ్ చేసే ట్రేడర్ గురించి. హైదరాబాద్ ఐఐటీ, ట్రిపుల్ ఐటీల్లో ప్లేస్‌మెంట్ సీజన్ వచ్చిందంటే మన పిల్లలు ఎక్కువగా అడిగేది కూడా ఈ ఉద్యోగం గురించే.

ప్రాప్ కంపెనీ అంటే ఏంటి? బ్రోకర్‌కీ దీనికీ తేడా ఏంటి?

బ్రోకర్ మన ఆర్డరును ఎక్స్ఛేంజికి చేరవేసి కమీషన్ తీసుకుంటాడు. మనం గెలిచినా ఓడినా అతని కమీషన్ అతనికి వస్తుంది. ప్రాప్ కంపెనీకి క్లయింట్లు ఉండరు. యజమానుల డబ్బు, కంపెనీలో మిగిలిన పాత లాభాలు, ఇవే పెట్టుబడి. లాభమైనా నష్టమైనా కంపెనీదే. ఈ తేడా ఆర్డర్ స్క్రీన్ మీద కూడా కనిపిస్తుంది: క్లయింట్ తరఫున పెడితే `CLI`, సొంత ఖాతాలో పెడితే `PRO`. కొన్ని సంస్థలు రెండు పనులూ చేస్తాయి. అలాంటి చోట మీరు చేరబోయేది ఏ డెస్కో ముందే కనుక్కోండి, ఎందుకంటే పని పూర్తిగా వేరు.

నిఫ్టీ ఎటు వెళ్తుందో మీకు ముందే తెలుస్తుందా?

తెలియదు. తెలుసుకోవడం ఈ ఉద్యోగంలో పని కూడా కాదు. పెళ్లిళ్లలో చుట్టాలు ఎంత అడిగినా ఇదే జవాబు.

నగల కొట్టు యజమాని పాత బంగారం కొనే రేటు ఒకటి, అమ్మే రేటు ఇంకొకటి పెట్టుకున్నట్టే, మార్కెట్ మేకర్ ప్రతి స్ట్రైక్‌లోనూ, అంటే ఆప్షన్‌లో ముందే ఖాయం చేసిన ప్రతి నిఫ్టీ స్థాయికీ, ఒక కొనుగోలు ధర, దానికి కాస్త పైన ఒక అమ్మకం ధర పెట్టి ఉంచుతాడు. ఎవరో వచ్చి కొంటారు, ఇంకెవరో వచ్చి అమ్ముతారు. రెండు ధరల మధ్య ఉన్న ఆ కొద్దిపాటి తేడాయే, అంటే స్ప్రెడ్డే, ఆదాయం. ఇబ్బంది ఏంటంటే కొనేవాళ్లు, అమ్మేవాళ్లు జంటగా రారు. పొద్దున్నుంచీ అందరూ నిఫ్టీ పెరిగితే విలువ పెరిగే కాల్ ఆప్షన్లే కొంటూ పోతే మీ దగ్గర అమ్మిన కాల్స్ గుట్టగా పేరుకుపోతాయి. ఆ గుట్టలో ఉన్న రిస్కును ఎంత తక్కువ ఖర్చుతో తగ్గించుకుంటారన్నదే మీ నేర్పు.

రోజు ఎలా గడుస్తుంది?

ఎనిమిదింటికల్లా సీట్లో ఉండాలి. గుజరాత్‌లోని గిఫ్ట్ సిటీలో ట్రేడయ్యే నిఫ్టీ ఫ్యూచర్స్, అంటే గిఫ్ట్ నిఫ్టీ, పొద్దున 6:30కే మొదలవుతుంది కాబట్టి రాత్రి అమెరికాలో జరిగిన దాని ప్రభావం ఎంతో అప్పటికే ఒక అంకె రూపంలో ఉంటుంది. మొదటి గంట విసుగు పుట్టించే పని: నిన్నటి పొజిషన్లు మన లెక్కలోనూ ట్రేడుల పరిష్కారం చూసే క్లియరింగ్ సంస్థ లెక్కలోనూ ఒకేలా ఉన్నాయా, పొజిషన్లకు పూచీగా పెట్టే మార్జిన్ ఎంత వాడుకున్నాం, ఈ రోజు ఆర్‌బీఐ ప్రకటన లాంటిది ఏదైనా ఉందా, రిస్క్ డెస్క్ పెట్టిన పరిమితులు సిస్టంలో సరిగ్గా ఎక్కాయా. ఒక్క లాట్, అంటే ట్రేడయ్యే కనీస పరిమాణం, తేడా ఉన్నా మార్కెట్ తెరిచేలోగా తేల్చాల్సిందే. ఆ తేడాతోనే ట్రేడింగ్ మొదలుపెడితే రోజంతా తప్పుడు రిస్కు మీద హెడ్జ్ చేస్తూ, అంటే ఎదురు ట్రేడులతో దాన్ని తగ్గిస్తూ, కూర్చుంటారు.

9:15కి మార్కెట్ తెరుచుకుంటుంది. మొదటి పావుగంటలో ధరలు స్థిరంగా ఉండవు కాబట్టి కొనే, అమ్మే ధరల మధ్య దూరం ఎక్కువ పెడతారు. పది దాటాక పని నెమ్మదిస్తుంది. ఈ ధరలు, అంటే కోట్లు, పెట్టేది ప్రోగ్రామే. ట్రేడర్ చూసేది నాలుగైదు అంకెలు: నిఫ్టీ ఒక పాయింటు కదిలితే విలువ ఎంత మారుతుందో చెప్పే మొత్తం డెల్టా, ఆ డెల్టా ఎంత వేగంగా మారుతుందో చెప్పే గామా, మార్కెట్ ఊగిసలాట అంచనా మారితే ఏమవుతుందో చెప్పే వేగా, ఈ రోజు లాభనష్టం, అది ఎక్కడి నుంచి వచ్చింది. మధ్యాహ్నం భోజనం చాలామందికి కీబోర్డు పక్కనే. 3:30కి మార్కెట్ మూస్తారు, పని మాత్రం అయిదు, ఆరు దాకా ఉంటుంది. ఈ రోజు వచ్చిన లాభం స్ప్రెడ్ నుంచి వచ్చిందా, లేక నిఫ్టీ అనుకోకుండా మనవైపు తిరగడం వల్ల వచ్చిందా అని విడగొట్టి రాయాలి. రెండో రకం లాభానికి మంచి డెస్కులో ఎవరూ భుజం తట్టరు.

ఒక ట్రేడ్‌ను మొదటి నుంచి చివరిదాకా లెక్క వేసి చూపిస్తారా?

అంకెలు ఉదాహరణకే తీసుకున్నాను, లెక్క మాత్రం నిజంగా జరిగేదే.

నిఫ్టీ 25,000 దగ్గర ఉంది. లాట్ 65. 25,000 కాల్ అసలు విలువ మీ మోడల్ ప్రకారం 120 రూపాయలు. మీరు 120.50కి అమ్మకానికి పెట్టారు. ఎవరో వరసగా వచ్చి 100 లాట్లు, అంటే 6,500 కాల్స్ కొనేశారు. కాగితం మీద మీ లాభం 50 పైసలు చొప్పున 3,250 రూపాయలు.

ఇప్పుడు మీ దగ్గర రిస్కు ఉంది. ఆ కాల్ డెల్టా 0.50 కాబట్టి నిఫ్టీ ఒక పాయింటు పెరిగితే మీకు 3,250 రూపాయలు పోతాయి. అంటే ఒక్క పాయింటు కదలికకే సంపాదించింది ఆవిరి. పుస్తకాల్లో చెప్పే మందు, నిఫ్టీతో పాటే పాయింటుకు పాయింటు కదిలే ఫ్యూచర్స్ కొనడం: 3,250ని 65తో భాగిస్తే 50 లాట్లు. సరే, కొన్నారు. విలువ 8 కోట్ల 12 లక్షల పైచిలుకు. తర్వాత ఎప్పుడో వాటిని అమ్మాలి కదా. ఫ్యూచర్స్ అమ్మకం మీద ఎస్‌టీటీ అనే లావాదేవీ పన్ను 2026 బడ్జెట్‌తో 0.05 శాతం అయింది. అంటే 40,625 రూపాయల పన్ను. మూడువేల లాభం కాపాడుకోవడానికి నలభైవేలు ఖర్చు! కాలేజీలో ఆప్షన్ ధర లెక్కగట్టే బ్లాక్-షోల్స్ ఫార్ములా బాగా నేర్చుకుని వచ్చినవాళ్లు మొదట తడబడేది ఇక్కడే.

అందుకని ట్రేడర్ ఆప్షన్‌ను ఆప్షన్‌తోనే హెడ్జ్ చేయడానికి చూస్తాడు. పక్కనే ఉన్న 25,050 కాల్ అసలు విలువ 96.20. మీ కొనుగోలు కోటును కొంచెం ముందుకు జరిపి 96కి పెట్టారు. ఎవరో 100 లాట్లు మీకు అమ్మారు. దాని డెల్టా 0.45. ఇప్పుడు మిగిలిన రిస్కు 3,250లోంచి 2,925 తీసేస్తే 325, అంటే 5 లాట్లు. దాన్ని అలాగే వదిలేసి, తర్వాత వచ్చే ఆర్డర్లతో సర్దుకోవచ్చు. ఈ రెండో ట్రేడులో కూడా 20 పైసల చొప్పున 1,300 మిగిలింది. మొత్తం 4,550.

ఖర్చులు చూద్దాం. అమ్మిన కాల్స్ ప్రీమియం 7,83,250 మీద 0.15 శాతం ఎస్‌టీటీ 1,175 రూపాయలు. ఎక్స్ఛేంజి రుసుము తదితరాలు ఇంకో 500 దాకా. పొజిషన్ విప్పేటప్పుడు 25,050 కాల్స్ అమ్మితే మళ్లీ అటూఇటుగా 1,400. చివరికి చేతికి మిగిలేది దాదాపు 1,450 రూపాయలు. అదీ విప్పేటప్పుడు స్ప్రెడ్ మీరు ఎదురు కట్టకుండా ఉంటేనే. తొందరపడి అవతలివాళ్ల ధరకు విప్పితే అదీ ఉండదు.

అంత చిన్న లాభంతో కంపెనీ ఎలా నడుస్తుంది?

అలాంటివి రోజుకు వేలల్లో జరుగుతాయి కాబట్టి. సెబీ 2024 సెప్టెంబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం 2023-24లో ప్రొప్రైటరీ ట్రేడర్లంతా కలిపి ఫ్యూచర్స్, ఆప్షన్లలో ఖర్చులు తీయకముందు దాదాపు 33,000 కోట్లు సంపాదించారు. అందులో 96 శాతం ఆల్గో ట్రేడింగ్‌తో వచ్చిందే. అదే నివేదికలో 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని ఉంది. ఇంట్లో ఫోన్‌లో ఆప్షన్లు కొనేవాళ్లకు ఎదురుగా ఎవరు కూర్చున్నారో ఈ రెండు అంకెలు చెబుతాయి.

అంతా ఆల్గోలే చేస్తుంటే మనిషి ఎందుకు?

ఆల్గో ధర పెడుతుంది. ఏ ధర పెట్టాలో చెప్పే అంకెలను మనిషి సర్దుతాడు. అన్నిటికంటే ముఖ్యమైన సర్దుబాటు, మన దగ్గర కొంటున్నది ఎవరు అన్న అనుమానం నుంచి వస్తుంది.

పై ఉదాహరణే తీసుకోండి. మీరు 120.50కి అమ్మిన రెండు సెకన్లకు ఆ కాల్ విలువ 124 అయింది. హెడ్జ్ చేసే వ్యవధే లేదు. నష్టం 22,750. పై లెక్కలో చూసిన మంచి ట్రేడులు పదహారు చేస్తే గానీ అది పూడదు. ఇలా జరిగిందంటే కొన్నవాళ్లకు మీకంటే ముందు ఏదో తెలిసిందనో, మీ ధర పాతబడిపోయిందనో అర్థం. దీన్ని పట్టుకోవడానికి ప్రతి ట్రేడ్ తర్వాత ఒక సెకను, పది సెకన్లు, ఒక నిమిషం, అయిదు నిమిషాలకు ధర ఎక్కడుందో రాసి పెడతారు. దీన్నే డెస్కులో మార్కౌట్ అంటారు. ట్రేడ్ అయిన క్షణంలో లాభం కనిపించి, పది సెకన్లకల్లా అది మైనస్‌లోకి పోతుంటే, అది రోజూ ఒకే స్ట్రైక్ దగ్గరో ఒకే సమయంలోనో జరుగుతుంటే, అక్కడ మీరు ఎవరికో మేత అవుతున్నారు. అప్పుడు స్ప్రెడ్ పెంచడమా, పరిమాణం తగ్గించడమా, ఆ సమయంలో కోట్లే తీసేయడమా అన్నది ట్రేడర్ నిర్ణయం. ఈ పట్టికలు చదవడం మీదే సాయంత్రాలు ఎక్కువ గడుస్తాయి.

ఇక రెండో కారణం, బటన్ నొక్కడానికి. ప్రోగ్రాం పిచ్చిపట్టినట్టు ఆర్డర్లు పంపుతుంటే ఆపాల్సింది మనిషే. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్‌ను ఒక సర్వర్‌లో ఎక్కించడం మరిచిపోయి, దాదాపు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది.

ఎక్స్‌పైరీ రోజు అంత టెన్షన్ ఎందుకు?

నిఫ్టీ ఆప్షన్ల గడువు ముగిసే వారపు ఎక్స్‌పైరీ 2025 సెప్టెంబరు నుంచి మంగళవారానికి మారింది. ఆ రోజు మధ్యాహ్నం గామా విపరీతంగా పెరుగుతుంది. మామూలు రోజున నిఫ్టీ 30 పాయింట్లు కదిలితే 25,000 కాల్ డెల్టా పెద్దగా మారదు. మంగళవారం 3:15కి అదే 30 పాయింట్లు పెరిగితే 0.50 ఉన్న డెల్టా దాదాపు 0.80 అవుతుంది. మీరు 100 లాట్లు అమ్మి ఉంటే, ఉన్నపళంగా ఇంకో 30 లాట్లకు సరిపడా కొనాలి, అదీ పెరిగిన ధరలో. కొన్నాక నిఫ్టీ మళ్లీ కిందికి జారితే పడిన ధరలో అమ్మాలి. ఇలా రెండుమూడు సార్లు ఊగితే వారమంతా కూడబెట్టింది అరగంటలో పోతుంది. హెడ్జ్ చేయకుండా కళ్లు మూసుకుంటే సరిపోతుందని కొత్తవాళ్లకు అనిపిస్తుంది. కొన్ని మంగళవారాలు సరిపోతుంది కూడా, ఆ అలవాటే ప్రమాదం. అనుభవం ఉన్నవాళ్లు చాలామంది మధ్యాహ్నానికల్లా అమ్మిన ఆప్షన్లను తగ్గించుకుంటారు, లేదా దూరపు స్ట్రైక్‌లు చౌకగా దొరుకుతున్నప్పుడే కొని పెట్టుకుంటారు.

రిస్క్ పరిమితులు అంటే ఏం ఉంటాయి?

ఒక్కో ట్రేడర్‌కు గరిష్ఠ డెల్టా, వేగా, రోజు నష్ట పరిమితి ఉంటాయి. దాటితే సిస్టమే కోట్లు ఆపేస్తుంది. వీటితోపాటు ఊహా పరీక్ష ఒకటి ఉంటుంది: నిఫ్టీ ఒక్కసారిగా 5 శాతమో 10 శాతమో పడితే ఈ పుస్తకం, అంటే ట్రేడర్ చేతిలో ఉన్న మొత్తం పొజిషన్లు, ఏమవుతుంది? అలా పడదులే అని ట్రేడర్లు రిస్క్ డెస్క్‌తో వాదిస్తుంటారు. 2024 జూన్ 4న, ఎన్నికల ఫలితాల రోజు, నిఫ్టీ 5.9 శాతం పడింది. అదీ ముందు రోజు 3 శాతానికి పైగా పెరిగాక. వాదన ఆ రోజుతో కొంత తగ్గింది.

జీతం ఎలా లెక్క కడతారు?

రెండు భాగాలు: స్థిర జీతం, బోనస్. గొడవలన్నీ రెండోదాని దగ్గరే. కొన్ని కంపెనీల్లో బోనస్ యాజమాన్యం ఇష్టం. ఇవి సాధారణంగా పెద్ద కంపెనీలు, అక్కడ ఫలితాన్ని జట్టు మొత్తానికి చెందినదిగా చూస్తారు. చిన్న కంపెనీల్లో, సొంతంగా పుస్తకం నడిపేవాళ్లకు, శాతం లెక్క ఉంటుంది. శాతం ఎంత అన్నదానికంటే అది దేనిలో శాతం అన్నది పెద్ద ప్రశ్న.

ఉదాహరణకు ఏడాదిలో మీ పుస్తకం 6 కోట్లు సంపాదించిందనుకోండి. అందులోంచి పన్నులు, ఎక్స్ఛేంజి రుసుములు 1.6 కోట్లు పోతాయి. ఎక్స్ఛేంజి ఆవరణలోనే పెట్టే కో-లొకేషన్ సర్వర్లు, డేటా, సాఫ్ట్‌వేర్‌లో మీ వాటా 60 లక్షలు. మీరు వాడిన 10 కోట్ల మార్జిన్‌కు కంపెనీ 10 శాతం వడ్డీ వేస్తే ఇంకో కోటి. మిగిలింది 2.8 కోట్లు. ఒప్పందం 15 శాతమైతే 42 లక్షలు. ఇంతటితో అయిపోలేదు. కొన్ని ఒప్పందాల్లో మీ స్థిర జీతాన్ని ఈ వాటాలోంచే మినహాయిస్తారు. జీతం 20 లక్షలైతే చేతికొచ్చే బోనస్ 22 లక్షలే. అందులోనూ కొంత భాగం వచ్చే ఏడాదికి వాయిదా వేస్తారు, మధ్యలో మానేస్తే అది రాదు. ఈ మాటలన్నీ ఆఫర్ లెటర్‌లో కాకుండా దానికి జత చేసిన బోనస్ పాలసీలో ఉంటాయి. అది అడిగి తీసుకుని చదవండి.

ముంబై, అహ్మదాబాద్ లాంటి చోట్ల చేత్తోనే ఆర్డర్లు పెట్టి చిన్న చిన్న తేడాలకు ట్రేడ్ చేసే పాత తరహా జాబర్ డెస్కులు కూడా ఉన్నాయి. అక్కడ స్థిర జీతం నామమాత్రం, లాభంలో వాటా మాత్రం పెద్దది. మొదటి ఆరు నెలలు ఇంటి అద్దె ఎలా కడతారో ఆలోచించుకున్నాకే అటు వెళ్లాలి.

నష్టం వస్తే నా జేబులోంచి కట్టాలా?

ఉద్యోగిగా ఉన్న ట్రేడర్ కట్టక్కర్లేదు. కానీ నష్టాన్ని మీ ఖాతాలో రాసి పెడతారు. ఈ ఏడాది 80 లక్షలు పోతే బోనస్ సున్నా. వచ్చే ఏడాది మొదటి 80 లక్షల లాభం ఆ గుంత పూడ్చడానికే పోతుంది, ఆపైన వచ్చినదానిలోనే వాటా. గుంత మరీ లోతుగా ఉంటే చాలామంది పూడ్చడం కంటే కంపెనీ మారడం తేలిక అనుకుంటారు. కంపెనీకీ అది తెలుసు, అందుకే కొన్నిసార్లు పాత లెక్క కొంత మాఫీ చేస్తుంది. చేరేముందు డిపాజిట్ కట్టమనే చోట మాత్రం ఆగి, అది ఉద్యోగమా, మీ డబ్బుతో మీరే ఆడే ఆటా అని అడగండి.

ఏ నైపుణ్యాలు కావాలి?

సంభావ్యత మీద పట్టు అన్నిటికంటే ముందు. ఫార్ములాలు గుర్తుండటం కాదు, కొత్త సమాచారం రాగానే అంచనాను ఎంత మార్చుకోవాలో తెలియడం. ప్రోగ్రామింగ్‌లో ట్రేడర్‌కు పైథాన్, ఎస్‌క్యూఎల్ సరిపోతాయి. సీ ప్లస్ ప్లస్ రాసేవాళ్లు వేరే ఉంటారు, వాళ్ల పని అర్థమైతే చాలు. నోటిలెక్కలు ఇప్పటికీ అడుగుతారు. ఎనిమిది నిమిషాల్లో 80 లెక్కలు చేయమనే పరీక్ష ఈ రంగంలో బాగా తెలిసినదే. ఎక్కాలు వచ్చినవాళ్లకు నెల రోజుల సాధనతో అది వస్తుంది.

చెప్పుకోని నైపుణ్యం ఇంకొకటుంది: గట్టిగా, తక్కువ మాటల్లో మాట్లాడటం. "25,000 కాల్ వంద అమ్మాను, డెల్టా యాభై షార్ట్, పక్క స్ట్రైక్‌లో సర్దుతున్నాను" అని ఒక్క ముక్కలో చెప్పాలి. తప్పు జరిగినా అంతే వేగంగా చెప్పాలి. దాచిన తప్పుకు ఉద్యోగం పోతుంది, చెప్పిన తప్పుకు మామూలుగా పోదు.

ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?

మార్కెట్ ఆట ఆడిస్తారు. మూడు పాచికలు వేస్తాను, మొత్తం ఎంతొస్తుందో దాని మీద కొనే ధర, అమ్మే ధర చెప్పు అంటారు. సగటు 10.5 కాబట్టి మీరు 10, 11 అంటారు. ఆయన 11కి కొంటాడు. మళ్లీ ధర చెప్పమంటాడు. మీరు మళ్లీ 10, 11 అంటే అక్కడే తగ్గుతారు. ఆయన ఒక పాచిక చూసి ఉండొచ్చు కదా? ధరను పైకి జరపాలి. ఎంత? ఆ పాచిక 6 అయితే సగటు 13 అవుతుంది, అయినా ఆయన చూశాడో లేదో మీకు తెలియదు, కాబట్టి మధ్యలో ఎక్కడో. ఇందులో సరైన జవాబు ఒక్కటే ఉండదు, ఎందుకు జరిపారో చెప్పగలగాలి. మీ జవాబు కంటే మీరు ధర మార్చుకున్న తీరునే రాసుకుంటారు.

డిగ్రీ, సర్టిఫికెట్లు?

పెద్ద కంపెనీలు ఐఐటీ, ట్రిపుల్ ఐటీ, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట్ల నుంచే ఎక్కువగా తీసుకుంటాయి. న్యాయమా అంటే కాదు, జరిగేది అదే. చిన్న డెస్కుల్లో బీకాం చదివినవాళ్లూ బాగానే రాణిస్తున్నారు. టెర్మినల్ మీద ఆర్డర్లు పెట్టాలంటే ఈక్విటీ డెరివేటివ్స్‌కు సెబీ పెట్టిన ఎన్‌ఐఎస్‌ఎం సంస్థ సిరీస్ 8 పరీక్ష పాస్ కావాలి.

కంపెనీలో ఉంటూ సొంతంగా ట్రేడింగ్ చేసుకోవచ్చా?

ఆప్షన్లలో దాదాపు ఎక్కడా ఒప్పుకోరు. మ్యూచువల్ ఫండ్లకు అభ్యంతరం ఉండదు. షేర్లకు ముందు అనుమతి, కనీసం ఇన్నాళ్లు అమ్మకూడదన్న నియమం ఉంటాయి. ఇంట్లోవాళ్ల ఖాతాలూ చూపించాలి.

ఇన్‌స్టాగ్రామ్‌లో కనిపించే 'ఫండెడ్ అకౌంట్' కంపెనీలు కూడా ఇవేనా?

కావు. పేరు ఒకటే. అక్కడ ఫీజు కట్టి 'ఛాలెంజ్' పాస్ కావాలి, చాలా వాటిలో ఆ తర్వాత ఇచ్చేది కూడా డెమో ఖాతాయే. ఎక్కువమంది ఛాలెంజ్‌లో ఓడిపోతే వాళ్ల ఫీజే ఆ కంపెనీకి ఆదాయం. అసలు ప్రాప్ కంపెనీ మీకు జీతం ఇస్తుంది, మీ దగ్గర ఫీజు తీసుకోదు. విదేశీ కరెన్సీ ట్రేడింగ్ అయితే ఇంకో చిక్కు: అనుమతి లేని ప్లాట్‌ఫారాల జాబితాను ఆర్‌బీఐ తన సైట్‌లో పెట్టింది, పేరు అందులో ఉందేమో చూసుకోండి.

మానేసి వేరే కంపెనీలో చేరాలంటే?

నోటీసు కాలంలో జీతమిచ్చి ఇంట్లో కూర్చోబెట్టడం మామూలే. ఉద్యోగం వదిలాక కూడా ఇన్ని నెలలు పోటీ కంపెనీలో చేరొద్దనే షరతు మన దేశంలో కోర్టులో సాధారణంగా నిలబడదు, 1872 కాంట్రాక్టు చట్టంలోని 27వ సెక్షన్ అలాంటివాటిని చెల్లనివిగా చెబుతుంది. వ్యూహాలు, కోడ్ పట్టుకెళ్లడం మాత్రం వేరే సంగతి. 2024 ఏప్రిల్‌లో అమెరికా ప్రాప్ కంపెనీ జేన్ స్ట్రీట్ తన ఇద్దరు మాజీ ట్రేడర్ల మీద, వాళ్లు చేరిన మిలీనియం అనే హెడ్జ్ ఫండ్ మీద న్యూయార్క్‌లో కేసు వేసింది. ఆ గొడవ భారత ఆప్షన్ల వ్యూహం గురించి, ఒక్క 2023లోనే అది వంద కోట్ల డాలర్ల దాకా సంపాదించిందని కోర్టులో బయటికొచ్చింది. డిసెంబరులో రాజీ కుదిరింది. కానీ ఆ అంకె బయటపడటంతో అందరి చూపూ ఇటు తిరిగింది. 2025 జూలై 3న సెబీ నిఫ్టీ, బ్యాంక్ నిఫ్టీ ట్రేడుల విషయంలో జేన్ స్ట్రీట్ మీద మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, 4,843 కోట్లు జమ చేయమంది. కంపెనీ ఆ ఆరోపణలను ఒప్పుకోలేదు.